బోరు నీళ్లలో ఫాస్ఫేట్ ఎలా కొలవాలి: సిలికా నీలాన్ని ఫాస్ఫేట్ నీలం అనుకోకుండా

ప్రాజెక్టుల కాలం రాగానే విజయనగరంలో మా ల్యాబ్ బల్ల మీద నీళ్ల సీసాలు వరుసగా చేరతాయి. పెద్ద చెరువు నీళ్లు, చంపావతి నీళ్లు, ఎవరి ఊరి గెడ్డలోనో పట్టిన నీళ్లు, అన్నిటికంటే ఎక్కువగా బోరు నీళ్లు. ఆ వెనకే ప్రతి ఏడూ ఒకటే ప్రశ్న: "మాస్టారూ, నీలం వచ్చింది. అంటే ఫాస్ఫేట్ ఉన్నట్టేగా?"

నీలం వచ్చినంత మాత్రాన ఉన్నట్టు కాదు. ముఖ్యంగా మన వైపు బోరు నీళ్లలో. మనది ఖొండలైట్, గ్రానైట్ లాంటి గట్టి రాళ్ల నేల. ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో సిలికా లీటరుకు పదుల మిల్లీగ్రాములు ఉండటం మామూలే. ఫాస్ఫేట్ మాత్రం చాలాసార్లు మిల్లీగ్రాములో వందో వంతుల్లో ఉంటుంది. మాలిబ్డేట్ రెండిటితోనూ కలుస్తుంది, రెండూ నీలంగానే మారతాయి.

అదృష్టవశాత్తూ రెండిటి వేగం ఒకటి కాదు. ఆమ్లం తగినంత ఉంటే, పక్కన కొద్దిగా యాంటిమనీ ఉంటే, ఫాస్ఫేట్ పది నిమిషాల్లోపే పూర్తిగా నీలమవుతుంది. సిలికా అదే ఆమ్లంలో చాలా నెమ్మదిగా కదులుతుంది. అందుకే సిలికాను ఆపడానికి వేరే మందు అక్కర్లేదు. మాలిబ్డేట్‌కు తగ్గ ఆమ్లం ఉండాలి, చేతిలో గడియారం ఉండాలి. ఈ పద్ధతిలో ప్రతి మాలిబ్డినం పరమాణువుకు దాదాపు 70 హైడ్రోజన్ అయాన్లు ఉండేలా కొలతలు కుదిర్చారు. ఆ నిష్పత్తి తగ్గితే సిలికా పైకి వస్తుంది, ఇంకా తగ్గితే ఏమీ లేని బ్లాంక్ కూడా నీలంగా మారుతుంది. సిద్ధాంతం ఇంతే చాలు, ఇక పనిలోకి వెళ్దాం.

కావలసినవి

- గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం
- అమ్మోనియం మాలిబ్డేట్ (తెల్లగా, పొడిపొడిగా ఉండాలి. నీలం ఛాయ పట్టినదీ గడ్డకట్టినదీ వద్దు)
- పొటాషియం యాంటిమొనైల్ టార్ట్రేట్
- ఆస్కార్బిక్ ఆమ్లం (ల్యాబ్ గ్రేడ్. విటమిన్ మాత్రలు పనికిరావు)
- పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, KH2PO4
- సోడియం మెటాసిలికేట్, Na2SiO3·9H2O (పరీక్ష కోసమే)
- ఫినాఫ్తలీన్, 0.1 N సోడియం హైడ్రాక్సైడ్
- 880 నానోమీటర్ల వరకు చదివే స్పెక్ట్రోఫోటోమీటర్

మీ దగ్గర ఫిల్టర్ కలరీమీటర్ మాత్రమే ఉంటే 700 లేదా 680 ఫిల్టర్ పెట్టుకోండి. రీడింగులు తక్కువగా వస్తాయి కానీ పని జరుగుతుంది. స్టాండర్డ్ గ్రాఫ్ కూడా అదే ఫిల్టర్‌తో గీయాలి. 880 దగ్గర గీసిన గ్రాఫ్ మీద 680 రీడింగు పెట్టి చదవకూడదు.

గాజు సామాను గురించి ఒక్క మాట. బట్టల సబ్బు పొడితో, గిన్నెలు తోమే పౌడర్‌తో కడిగిన ఫ్లాస్కు ఎంత తళతళలాడినా దాని గోడలకు ఫాస్ఫేట్ అంటుకుని ఉండవచ్చు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు తొలవండి. ఆ ఫ్లాస్కులను ఈ పనికే విడిగా ఉంచుకుంటే మంచిది.

నీళ్ల విషయంలోనూ జాగ్రత్త. బ్యాటరీ షాపులో దొరికే డీమినరలైజ్డ్ వాటర్‌లో సిలికా ఉండవచ్చు. రెసిన్ అలసిపోయేటప్పుడు అన్నిటికంటే ముందు జారి వచ్చేది సిలికాయే, కండక్టివిటీ మీటర్ దాన్ని పట్టుకోదు. గాజులోనో స్టీలులోనో బట్టీ పట్టిన డిస్టిల్డ్ వాటర్ వాడండి.

రీజెంట్లు తయారు చేయడం

1. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 5 N. బీకరులో 400 మి.లీ. నీళ్లు తీసుకుని చల్లటి నీటి తొట్టిలో పెట్టండి. అందులో 70 మి.లీ. గాఢ ఆమ్లాన్ని సన్నని ధారగా, కలుపుతూ పోయండి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. పూర్తిగా చల్లారాక 500 మి.లీ. చేయండి. వేడిగా ఉండగానే గీత వరకు నింపితే చల్లారాక మట్టం దిగిపోతుంది, గాఢత తప్పుతుంది.

2. ఆ ఆమ్లాన్ని పరీక్షించండి. దాదాపు ఎవరూ చేయని అడుగు ఇది. సిలికా తగాదాలో సగం ఇక్కడే తేలిపోతుంది. 5 మి.లీ. ఆమ్లాన్ని పిపెట్‌తో తీసి 250 మి.లీ.కు పలచన చేయండి. అందులోంచి 10 మి.లీ. తీసి, ఫినాఫ్తలీన్ వేసి 0.1 N సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయండి. బ్యూరెట్ 10 మి.లీ. దగ్గర ఆగాలి. 9.8 నుంచి 10.2 వరకు పర్వాలేదు. 9.5 కంటే తక్కువైతే ఆ సీసా పారబోసి మళ్లీ చేయండి. మూత సరిగా పెట్టని గాఢ ఆమ్లం గాలిలో తేమ పీల్చుకుని పలచనవుతుంది, మన తీరం గాలికి ఇంకా తొందరగా.

3. అమ్మోనియం మాలిబ్డేట్. 20 గ్రాములు 500 మి.లీ. నీళ్లలో. ప్లాస్టిక్ సీసాలో పోసి చల్లగా ఉంచండి. ద్రావణం మబ్బుగా మారినా, అడుగున తెల్లటి పొడి చేరినా వాడొద్దు.

4. యాంటిమొనైల్ టార్ట్రేట్. 1.37 గ్రాములు 500 మి.లీ. నీళ్లలో. ఇది విషం, నోటితో పిపెట్ పీల్చే అలవాటు ఉంటే ఇవాళే మానండి. గాజు మూత ఉన్న ముదురు రంగు సీసాలో ఉంచితే చాలా కాలం నిలుస్తుంది.

5. ఆస్కార్బిక్ ఆమ్లం. 1.76 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పసుపు ఛాయ వస్తే వారం కాకపోయినా పారబోయండి.

6. మిశ్రమ రీజెంట్. నాలుగూ గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కలపకండి. 100 మి.లీ. కావాలంటే ఈ వరుసలో కలపండి: 5 N ఆమ్లం 50 మి.లీ., యాంటిమొనైల్ టార్ట్రేట్ 5 మి.లీ., మాలిబ్డేట్ 15 మి.లీ., చివరగా ఆస్కార్బిక్ ఆమ్లం 30 మి.లీ. ఒక్కొక్కటి పోశాక బాగా కుదపండి. మబ్బుగా కనిపిస్తే కొన్ని నిమిషాలు అలాగే ఉంచండి, తేటపడ్డాకే తర్వాతది పోయండి. ఇది 4 గంటలే ఉంటుంది. నిన్న కలిపినది ఇవాళ వాడకండి.

ఒక్కో నమూనాకు 8 మి.లీ. పడుతుంది కాబట్టి 100 మి.లీ. పన్నెండింటికి సరిపోతుంది. అందులో స్టాండర్డ్‌లు, బ్లాంక్, సిలికా పరీక్ష కలిపి ఎనిమిది పోతే నమూనాలకు మిగిలేది నాలుగే. ఎక్కువ సీసాలు ఉంటే ముందే 200 మి.లీ. కలుపుకోండి. మధ్యలో కొత్తది కలిపితే దానికి మళ్లీ బ్లాంక్ పెట్టాలి.

7. ఫాస్ఫేట్ స్టాండర్డ్. KH2PO4ను ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద గంటసేపు ఆరబెట్టి, చల్లార్చి, 0.2195 గ్రాములు తూచి లీటరు చేయండి. ఇందులో లీటరుకు 50 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటుంది. దీన్ని 50 మి.లీ. తీసి మళ్లీ లీటరు చేస్తే లీటరుకు 2.5 మి.గ్రా. ఉండే పని ద్రావణం వస్తుంది. ఈ రెండోదాన్ని ఏ రోజుకారోజు చేసుకోండి.

8. సిలికా పరీక్ష ద్రావణం. 4.73 గ్రాముల Na2SiO3·9H2O లీటరు నీళ్లలో కరిగిస్తే సిలికా 1000 మి.గ్రా. వస్తుంది. ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి. దీన్ని 5 మి.లీ. తీసి 100 మి.లీ. చేస్తే 50 మి.గ్రా. ద్రావణం. మన బోరు నీళ్లకు ఇది మంచి పోలిక.

కొలవడం

1. నమూనాను పట్టిన రోజే వడకట్టండి. 0.45 మైక్రాన్ల ఫిల్టర్ ఉంటే అదే వాడండి. వెంటనే చేయలేకపోతే శుభ్రమైన గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లోపు ముగించండి. లోహాల పరీక్షకని ఆమ్లం వేసిన సీసాలోంచి ఫాస్ఫేట్‌కు తీసుకోకండి. ఆమ్లం మరీ ఎక్కువైతే ఫాస్ఫేట్ నీలమే ఆలస్యంగా, తక్కువగా వస్తుంది.

2. 50 మి.లీ. ఫ్లాస్కుల్లో పని ద్రావణం 2, 4, 8, 12, 16, 20 మి.లీ. తీసి గీత వరకు నింపండి. ఇవి లీటరుకు 0.1, 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మి.గ్రా. స్టాండర్డ్‌లు. ఒకటి ఉత్త డిస్టిల్డ్ వాటర్, అదే బ్లాంక్. ఇంకొకటి 50 మి.గ్రా. సిలికా ద్రావణం.

3. వీటిని, నమూనాలను 50 మి.లీ. చొప్పున పొడి కోనికల్ ఫ్లాస్కుల్లోకి మార్చండి. ఒక్కో చుక్క ఫినాఫ్తలీన్ వేయండి. గులాబీ రంగు వస్తే అది పోయేదాకా 5 N ఆమ్లం చుక్కచుక్కగా వేయండి. సిలికా ద్రావణం క్షార గుణం గలది కాబట్టి దానికి ఒక చుక్క పట్టవచ్చు.

4. మొదటి ఫ్లాస్కులో 8.0 మి.లీ. మిశ్రమ రీజెంట్ వేసి, కలిపి, టైమ్ రాసుకోండి. సరిగ్గా ఒక నిమిషం తర్వాత రెండోదానికి, ఇంకో నిమిషానికి మూడోదానికి. చదివేటప్పుడు కూడా అదే వరుస, అదే నిమిషం తేడా. అన్నిటికీ ఒకేసారి పోసి, తీరిగ్గా ఒక్కొక్కటీ చదివితే చివరి ఫ్లాస్కు వయసు మొదటిదానికి రెట్టింపు అవుతుంది. సిలికాకు కావలసింది ఆ వ్యవధే.

నమూనా తక్కువుంటే 25 మి.లీ.కు 4 మి.లీ. రీజెంట్ వేయండి. నాలుగు రీజెంట్లనూ విడివిడిగా చుక్కల లెక్కన వేసే పద్ధతి పాత రికార్డుల్లో కనిపిస్తుంది. దాని జోలికి పోకండి, నిష్పత్తి చెడేది అక్కడే.

5. 10 నిమిషాలు నిండాక 880 దగ్గర, బ్లాంక్‌తో సున్నా పెట్టి చదవండి. 30 నిమిషాలు దాటాక చదివిన ఏ అంకెనూ లెక్కలోకి తీసుకోకండి.

6. బోరు నీళ్లయితే మూడుసార్లు చదవండి: 10, 20, 30 నిమిషాలకు. మూడూ రాసుకోండి.

నీరు సహజంగానే మబ్బుగానో రంగుగానో ఉంటే మరో 50 మి.లీ.కు ఆస్కార్బిక్ ఆమ్లం, యాంటిమొనైల్ టార్ట్రేట్ లేని రీజెంట్ వేసి చదివి, ఆ అంకె తీసేయండి. ఆర్సెనిక్ ఉన్న నీటిలో అదీ ఇలాంటి నీలమే ఇస్తుంది. దానికి గడియారం చాలదు, వేరే పద్ధతి కావాలి.

ఒక బోరు సీసా కథ

కిందటి వేసవిలో ఒక అమ్మాయి తన ఊరి బోరు నీళ్లు తెచ్చింది. సిలికా విడిగా కొలిస్తే 45 మి.గ్రా. ఉంది. ఫాస్ఫేట్‌కు రీజెంట్ పోసి, మధ్యాహ్నం కావడంతో భోజనానికి వెళ్లి, 70 నిమిషాలకు వచ్చి చదివింది. 0.099 వచ్చింది. మా గ్రాఫ్‌లో 1 మి.గ్రా. ఫాస్ఫరస్‌కు అబ్జార్బెన్స్ 0.62. కాబట్టి 0.099 ÷ 0.62 = 0.16 మి.గ్రా. ఫాస్ఫరస్. ఊరి బోరులోకి ఎరువులు దిగుతున్నాయని రికార్డులో రాసేసింది.

నేను మళ్లీ చేయించాను, ఈసారి గడియారం పక్కన పెట్టి. 10 నిమిషాలకు 0.027, 30 నిమిషాలకు 0.054. సరిగ్గా రెట్టింపైంది. పక్కనే ఉన్న 0.2 స్టాండర్డ్ మాత్రం 10 నిమిషాలకూ 30 నిమిషాలకూ 0.124 దగ్గరే నిలబడి ఉంది. ఫాస్ఫేట్ నీలం పది నిమిషాలకే ఆగిపోతుంది. ఇంకా పెరుగుతోందంటే పెరుగుతున్నది ఫాస్ఫేట్ కాదు.

ఆలస్యం ఒక తప్పు. కానీ 30 నిమిషాల్లోపే ఇంత కదలిక ఉండకూడదు. ఆమ్లం సీసా టైట్రేట్ చేయించాను. 10కి బదులు 7.2 మి.లీ. దగ్గరే గులాబీ వచ్చేసింది. నోట్సులో 70 అని ఉన్నచోట చెరిగిపోయిన అంకెను 50 అని చదివి, 50 మి.లీ. గాఢ ఆమ్లమే కలిపింది. అంటే 5 N కాదు, 3.6 N. నిష్పత్తి 70 పైనుంచి 53 దగ్గరికి దిగింది. మే నెల, రేకుల కప్పు గది, ఆ వేడి కూడా సిలికాకు తోడైంది.

ఆమ్లం సరిగా చేసి, ఫ్లాస్కులను కుండనీళ్ల తొట్టిలో నిలబెట్టి మళ్లీ చదివితే 10, 20, 30 నిమిషాలకు మూడుసార్లూ 0.014. అంటే 0.023 మి.గ్రా. ఫాస్ఫరస్. మొదటి లెక్కలో ఏడో వంతు.

ఒక సెంటీమీటర్ క్యువెట్‌తో 0.014ను అంత నమ్మకంగా చెప్పలేం. అందుకే రికార్డులో "0.05 కంటే తక్కువ" అని రాయించాను. అంతకంటే లోతుగా కావాలంటే 5 సెంటీమీటర్ల క్యువెట్ కావాలి.

ఫలితం సరైనదో కాదో చూసుకోవడం

ముందు బ్లాంక్‌ను కంటితో చూడండి. తెల్ల కాగితం మీద పెట్టినప్పుడు నీలం కనిపించకూడదు. బ్లాంకే నీలమైతే ఆమ్లం బాగా తక్కువైంది, లేదా గాజుకు ఫాస్ఫేట్ అంటుకుంది. ఈ రెండిటిలో ఏదో తెలియాలంటే అరగంట ఆగండి. నీలం ఇంకా ముదిరితే ఆమ్లం, అలాగే ఉంటే గాజు.

తర్వాత సిలికా ద్రావణం ఫ్లాస్కు. రీజెంట్ సరిగ్గా ఉంటే 10 నుంచి 30 నిమిషాల మధ్య దాని రీడింగు 0.005 కంటే ఎక్కువ కదలకూడదు. మేము మా ల్యాబ్‌లో పెట్టుకున్న హద్దు ఇది. ఒక్కోసారి 10 నిమిషాలకే చిన్న రీడింగు వచ్చి అక్కడే ఆగుతుంది. అది సోడియం సిలికేట్‌లో మలినంగా ఉన్న ఫాస్ఫేట్, సిలికా కాదు. కదిలే రీడింగు మాత్రమే సిలికా.

చాలామంది ఇక్కడ స్పైక్ రికవరీ చేసి, 96 శాతం వచ్చింది కాబట్టి అంతా బాగుందంటారు. స్పైక్ మంచి పరీక్షే. 50 మి.లీ. ఫ్లాస్కులో 4 మి.లీ. పని ద్రావణం వేసి మిగతాది నమూనాతో నింపి చేయండి, కలిపిన లీటరుకు 0.2 మి.గ్రా. తిరిగి రావాలి. ఫాస్ఫేట్ నీలాన్ని ఏదైనా అడ్డుకుంటోందా అన్నది ఇది చెబుతుంది. సిలికా అడ్డుకోదు, తన నీలాన్ని అదనంగా కలుపుతుంది. ఆ అదనం స్పైక్ ఉన్న ఫ్లాస్కులోనూ లేని ఫ్లాస్కులోనూ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, తీసివేతలో మాయమైపోతుంది. నమూనాను పలచన చేసి చూడటం కూడా ఇంతే, ఫాస్ఫేట్‌తో పాటు సిలికా కూడా అంతే తగ్గుతుంది. సిలికాను పట్టించేది 10, 20, 30 నిమిషాల రీడింగులే.

తరచూ జరిగే తప్పులు

రంగు తొందరగా రావాలని ఫ్లాస్కులను వేడి నీళ్లలో పెడతారు. యాంటిమనీ ఉన్నప్పుడు ఫాస్ఫేట్‌కు వేడి అక్కర్లేదు, వేడి వల్ల లాభపడేది సిలికాయే.

సిలికాను చంపడానికి ఆక్సాలిక్ ఆమ్లం వేయమని ఎవరో చెప్పారంటూ వస్తుంటారు. అది తలకిందుల సలహా. ఆక్సాలిక్ ఆమ్లాన్ని సిలికా కొలిచే పద్ధతిలో వాడతారు, అక్కడ ఫాస్ఫేట్ సమ్మేళనాన్ని విరగ్గొట్టడానికి. ఇక్కడ వేస్తే మీరు కొలవాల్సిందే పోతుంది. టార్టారిక్ ఆమ్లం సిలికాను కొంత ఆపుతుంది కానీ ఎక్కువైతే ఫాస్ఫేట్ రంగునూ తగ్గిస్తుంది. ఆమ్లం, సమయం సరిగ్గా ఉంటే రెండూ అవసరం లేదు.

మీ మాన్యువల్‌లో స్టానస్ క్లోరైడ్ పద్ధతి ఉంటే దాని కొలతలు దానివే. అందులోని మాలిబ్డేట్ సీసా తెచ్చి ఇక్కడ పోయకండి, అందులో ఆమ్లం ముందే కలిపి ఉంటుంది.

ఇక రాయడం. రిపోర్టులో "ఫాస్ఫేట్ 0.16" అని మాత్రమే రాస్తే అది ఫాస్ఫరసో ఫాస్ఫేటో చదివేవాళ్లకు తెలియదు. ఈ గ్రాఫ్ ఇచ్చేది ఫాస్ఫరస్. PO4గా కావాలంటే 3.066తో గుణించండి. పక్కనే ఎన్ని నిమిషాలకు చదివారో, ఎన్ని సెంటీమీటర్ల క్యువెట్టో కూడా రాయండి.

మిగిలిన నీలం నీళ్లను సింకులోనో, వెనక గెడ్డలోనో పారబోయకండి, అందులో యాంటిమనీ, మాలిబ్డినం ఉన్నాయి. ఒక ప్లాస్టిక్ క్యాన్‌కు చీటీ అంటించి, ల్యాబ్ వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇచ్చేదాకా అందులోనే పోసి ఉంచండి.